చివరి వరుసలో వాన

మంగళవారం ఉదయం పదకొండున్నరకి కేంద్ర బ్యాంకు పరిశోధన విభాగం తను శుక్రవారం పంపిన పట్టిక ఒకటి వెనక్కి తీసుకుంది. విధాన కమిటీ సభ్యులకి వెళ్ళిన సందేశంలో రెండే వాక్యాలున్నాయి. నాలుగో పట్టికను పరిగణించవద్దు. సవరించిన పట్టిక గురువారం సమావేశానికి ముందు అందుతుంది.

పట్టిక తయారుచేసింది అంచనాల డెస్కు అధికారిణి. వెనక్కి తీసుకోమని అడిగిందీ ఆవిడే. అది అలాగే ఉండిపోతే నాలుగేళ్ళుగా వేరే ఊళ్ళో ఉంటున్న ఆవిడ భర్త ఇంటికి వచ్చేసేవాడు.

కూరగాయల ధరల సూచీ రాబోయే ఏడాదిలో ఎలా ఉంటుందో నెలనెలా చెప్పడం ఆ డెస్కు పని. చెప్పినదానికీ జరిగినదానికీ తేడా వస్తూనే ఉంటుంది. ఆ తేడాలో ఎవరి వాటా ఎంతో తేల్చే లెక్క ఇంకొకటి ఉంది. పుస్తకాల్లో దాన్ని అంచనా దోష విస్తృతి విభజన అంటారు. మూడో అంతస్తులో అంత పేరు పలికే ఓపిక ఎవరికీ లేదు. వాటాల పట్టిక అంటారు.

పట్టికలో నాలుగు అంశాలుంటాయి. డీజిల్ ధర, మారకపు రేటు, కూరగాయల ధర, వాన. గత నెలల అంకెల్ని బట్టి ఊహించగలిగిన భాగాన్ని ఒక్కొక్కదానిలోంచి తీసేస్తే మిగిలేది కుదుపు. వర్షాకాలంలో వాన పడటం కుదుపు కాదు. పడాల్సినదానికి మించి పడినా, పడకపోయినా ఆ తేడా కుదుపు. ఏడాది ముందుగా వేసిన ధరల అంచనా తప్పుతున్నప్పుడు, ఆ తప్పుల విస్తృతిలో డీజిల్ కుదుపుల వాటా ఎంత, వాన కుదుపుల వాటా ఎంత అని పట్టిక నూటికి పంచి చూపిస్తుంది.

ఈసారి కమిటీ ఆ పట్టికని ఒక పని కోసం అడిగింది. నది ఎగువన, కూరగాయలు పండే లోయల్లో బ్యాంకుకి ఒక క్షేత్ర కార్యాలయం ఉంది. వానమాపకాల రీడింగులు పోగుచేసి నెలకోసారి పంపడం దాని పని. ఏడాది అంచనాల తప్పుల్లో వాన వాటా అయిదో వంతు కూడా లేకపోతే ఆ కార్యాలయం మూసేద్దామని కమిటీ అనుకుంది. మూసేస్తే అక్కడి అధికారి పోస్టుతో సహా ప్రధాన కార్యాలయానికి వస్తాడు. ఆ అధికారి ఆవిడ భర్త. రైల్లో ఒక పగలంతా ప్రయాణం. బదిలీకి మూడుసార్లు పెట్టుకున్నాడు. మూడుసార్లూ ఒకటే జవాబు: మీ బదులు వెళ్ళేవాళ్ళు దొరికితే చూస్తాం. ఎవరూ దొరకలేదు.

శుక్రవారం పట్టికలో, ఏడాది గడువుకి, వాన వాటా ఎనిమిది శాతం.

పక్క డెస్కులో ఉండే సీనియరు విశ్లేషకుణ్ణి అందరూ దశాంశం అంటారు. గుండ్రటి అంకె చూస్తే ఆయనకి నిద్ర పట్టదు. ఆ రోజు పట్టిక వెళ్ళిపోయాక కుర్చీ ఇటు తిప్పాడు.

"ఎనిమిదని రాశావు గానీ, ఏడు పాయింట్ తొమ్మిది ఆరు."

"అయితే?"

"అయితే ఏముంది, మీ ఆయన్ని పెట్టె సర్దుకోమను. ఈ కిటికీ పక్క టేబుల్ ఖాళీగానే ఉందిగా. ఇకనుంచి మీ ఇద్దరి మధ్య కూర్చుని నేను చెవుల్లో దూది పెట్టుకోవాలి."

కిటికీ పక్క టేబుల్ భర్తదే. పెళ్ళికి ముందునుంచీ ఇద్దరూ ఒకే గదిలో పనిచేశారు. అతను వెళ్ళాక అక్కడ పాత నివేదికలు పేరుస్తున్నారు. శుక్రవారం సాయంత్రం ఆవిడ వాటిని తీసి బీరువాలో పెట్టింది. టేబుల్ తుడిచింది. సొరుగులో అతని కళ్ళజోడు గుడ్డ ఒకటి దొరికితే అక్కడే ఉంచేసింది.

ఇంట్లో అత్తగారూ, రెండో తరగతి చదివే కూతురు బుల్లీ ఉంటారు. రోజూ భోజనాల వేళకి భర్త ఫోన్ చేస్తాడు. ఫోన్ని నీళ్ళ జగ్గుకి ఆనించి నిలబెడతారు. అతను అక్కడ తింటాడు, వీళ్ళు ఇక్కడ తింటారు. చాలాసార్లు పెద్దగా మాటలేమీ ఉండవు. గిన్నెల చప్పుడు వినిపిస్తుంది. అక్కడ వాన పడుతుంటే రేకుల మీద చప్పుడు వినిపిస్తుంది. ఒక్కోసారి భోజనం అయిపోయాక కూడా ఆవిడ ఫోన్ తియ్యదు. ఆ చప్పుడు వింటూ గిన్నెలు కడుగుతుంది.

శుక్రవారం అతనికి చెప్పింది.

"ఎంత?"

"ఎనిమిది."

"మా వాన ఇంత చవకా?" అన్నాడు. తర్వాత నవ్వాడు. "గది ఖాళీ చేస్తానని ఇంటాయనకి చెప్పేస్తాను. ఈ మంచం నాకంటే ఆయనకే ఇష్టం."

బుల్లి జగ్గు పక్కనుంచి తొంగి చూసి అడిగింది. "నాన్న ఇక్కడే ఉంటే మరి రాత్రి ఫోన్ ఎవరు చేస్తారు?"

శనివారం అత్తగారు పడకగది బీరువాలో మధ్య అర ఖాళీ చేసింది. నాలుగేళ్ళుగా అందులో దుప్పట్లున్నాయి. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక సోఫా మీద పేర్చింది. ఎవరైనా కూర్చోబోతే, "అక్కడ కూర్చోకండి, వాడి అర అది" అంటోంది. అర బీరువాలో ఉంది, దుప్పట్లు సోఫా మీద ఉన్నాయి, ఏది ఎవరిదో ఎవరికీ అర్థం కాలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆవిడ అనుబంధం సరిచూసుకోవడానికి కూర్చుంది. కమిటీకి వెళ్ళిన పట్టికలో మూడు నెలలు, ఆరు నెలలు, ఏడాది గడువులే ఉంటాయి. ఒకటో నెల గడువు నుంచి నెలనెలా వివరాలు అనుబంధంలో ఉంటాయి. అది బుధవారం అచ్చుకి వెళ్ళాలి. అచ్చు అంకెలు సరిచూడటానికి ఇద్దరు కావాలి. ఒకరు చదవాలి, ఇంకొకరు తెర మీద చూడాలి. ఇంట్లో ఆ పని అత్తగారు చేస్తుంది. అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఏళ్ళు ఆపరేటరుగా పనిచేసింది. అంకె పలికితే ఎదుటివాళ్ళు మళ్ళీ అడగాల్సిన పనుండదు.

మొదలుపెట్టే ముందు అత్తగారు కళ్ళజోడు తుడుచుకుంటూ అడిగింది.

"అసలు ఇదేం లెక్క అమ్మాయ్? పోయిన ఏడాది టమాటా ధర పెరిగింది, అందులో వాన వల్ల ఇంత, డీజిల్ వల్ల ఇంత. అంతేనా?"

"కాదత్తయ్యా. ధర పెరిగిందా తగ్గిందా అని ఇది చెప్పదు. మేం అనుకున్నదొకటి, అయిందొకటి. మా అంచనాలు అలా తప్పడానికి మామూలుగా ఏ కుదుపు ఎంత కారణమో చెబుతుంది."

"అంటే మనింట్లో అయితే?"

"మనింట్లో రేపు ఎలా గడుస్తుందో నేను ముందే రాసి పెట్టాననుకోండి. అది తప్పితే, ఎందుకు తప్పిందని చూడాలి. బుల్లికి జ్వరం రావడం వల్ల ఇంత, నాకు ఆఫీసులో ఆలస్యం కావడం వల్ల ఇంత."

"మరి నేను రోజూ పొద్దున్నే లేచి మీ ముగ్గురికీ వండుతున్నాను. నా వాటా ఎంత?"

"ముగ్గురెవరత్తయ్యా?"

"సరేలే, నోటికొచ్చేసింది. ఎంత?"

"మీరు రోజూ చేస్తారుగా. అందులో ఊహించనిది లేదు. సున్నా."

"బాగుంది మీ లెక్క. మానేస్తే?"

"మానేస్తే ఆ నెల మొత్తం మీదే."

"గుర్తుపెట్టుకుంటాను," అని కాగితం దగ్గరికి తీసుకుంది. "వాన. చదవనా?"

"చదవండి."

"ఒకటో నెల. సున్నా. పాయింట్. సున్నా, సున్నా. రెండో నెల. రెండు. పాయింట్. ఒకటి, నాలుగు. మూడో నెల..."

"ఆగండి. ఒకటో నెల మళ్ళీ చదవండి."

"నేను చదివాక మళ్ళీ అడిగినవాళ్ళు లేరు," అంది అత్తగారు. అయినా చదివింది. "సున్నా. పాయింట్. సున్నా, సున్నా."

తెర మీద కూడా అదే ఉంది. చదివినదానిలో పొరపాటు లేదు.

లెక్క వేస్తే ఏ వాటా అయినా చిన్నగా రావచ్చు. పాయింట్ సున్నా మూడు రావచ్చు. కచ్చితంగా సున్నా రాదు. సున్నా వచ్చిందంటే అంకెలు ఆ మాట చెప్పలేదు, లెక్క వేసినవాళ్ళు ముందే చెప్పి పెట్టారు. వాన కుదుపు ఆ నెలలో ధరని ముట్టుకోకూడదని మోడల్‌కి ఎవరో చెప్పారు.

చెప్పింది తనే. ఎప్పుడు చెప్పిందో కూడా ఆవిడకి గుర్తొచ్చింది.

ఒకే నెలలో వానా ధరా రెండూ అనుకున్నదానికంటే పెరిగితే, ఆ పెరుగుదలలో కలిసి ఉన్న భాగాన్ని ఎవరి ఖాతాలో వెయ్యాలన్నది అంకెల్లో ఉండదు. లెక్క వేసేవాళ్ళు ఒక వరుస చెప్పాలి. వరుసలో ముందున్నది వెనకున్నవాటిని అదే నెలలో కదిలించగలదు. వెనకున్నది ముందున్నవాటిని కదిలించాలంటే వచ్చే నెల దాకా ఆగాలి. ఉమ్మడి భాగం ముందున్నదాని ఖాతాకి పోతుంది. అందుకే మొదట్లో ఆవిడ వరుసని చేత్తో రాసేది. వాన, డీజిల్, మారకం, ధర. ధర పెరిగినంత మాత్రాన అదే నెలలో వాన పడదు కాబట్టి వాన మొదట.

ఈ ఏడాది మొదట్లో పని తగ్గుతుందని ప్రోగ్రాం మార్చింది. అంకెలు విభాగాల నుంచి ఉమ్మడి ఫైలులోకి వస్తాయి. వచ్చినవి వచ్చినట్టే నిలువు వరుసల్లో చేరతాయి. ప్రోగ్రాం వాటిని ఎడమ నుంచి కుడికి అలాగే తీసుకుంటుంది. డీజిల్ ముందు వస్తుంది. మారకం ఆ వెంటనే. ధరల సూచీ గణాంక కార్యాలయం నుంచి వస్తుంది. వాన అంకెలు అన్నిటికంటే చివర వస్తాయి. ప్రతి నెలా. ఎందుకంటే వాటిని పంపేది భర్త. ఆలస్యం చెయ్యకుండా అతను పంపిన నెల లేదు.

"ఏమైంది?" అంది అత్తగారు.

"ఏం లేదత్తయ్యా. మిగతావి రేపు చూద్దాం."

"తప్పు చదివానా?"

"లేదు. బాగా చదివారు."

సోమవారం ఆఫీసులో ఆవిడ లెక్క మళ్ళీ వేసింది. వానని మొదటి నిలువు వరుసలోకి జరిపింది. ఇంకేదీ ముట్టుకోలేదు. అంచనా మారలేదు. అంచనా తప్పుల మొత్తం విస్తృతి కూడా మారలేదు. అందుకే అన్ని నెలలుగా ఎవరికీ అనుమానం రాలేదు. మారింది పంపకం. ఏడాది గడువుకి డీజిల్ పధ్నాలుగు నుంచి పన్నెండుకి వచ్చింది. మారకం ఆరు నుంచి అయిదుకి. ధర సొంత కుదుపులు డెబ్భై రెండు నుంచి నలభై ఆరుకి. వాన ఎనిమిది నుంచి ముప్ఫై ఏడుకి. ఒకటో నెలలో సున్నా ఉన్నచోట ఇరవై ఒకటి.

ఇన్నాళ్ళూ ధరల సొంత కుదుపులని రాసిన దాంట్లో మూడో వంతుకి పైగా వానే.

అంకెలతో వచ్చే అనుమానపు హద్దులు కూడా చూసింది. ముప్ఫై ఏడు, అటూ ఇటూ పోతే ఇరవై అయిదు నుంచి నలభై ఎనిమిది. అడుగు హద్దు కూడా అయిదో వంతు పైనే ఉంది.

ఎవరికీ చెప్పలేదు. డైరెక్టరు గది తలుపు తీసే ఉంది. ఆవిడ రెండుసార్లు ఆ పక్కగా వెళ్ళి మంచినీళ్ళు తెచ్చుకుంది. దశాంశం ఒకసారి ఇటు తిరిగి, "ఇవాళ నీకు దాహం ఎక్కువైనట్టుంది" అన్నాడు. ఆవిడ అవునంది. కిటికీ పక్క టేబుల్ శుభ్రంగా ఉంది.

సాయంత్రం ఫోన్‌ని జగ్గుకి ఆనించలేదు. పడకగదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరికేసింది. మధ్య అర ఖాళీగా కనిపిస్తోంది. అవతల వాన పడుతోంది. గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది.

"ఇంటాయనకి చెప్పేశావా?" అని అడిగింది.

"చెప్పాను. అద్దె పెంచుదామనుకున్నాట్ట, పాపం. ఏం, ఏమైంది?"

"ఒకటో నెలలో నీ వాటా సున్నా."

అతనూ అదే లెక్కలు చేసినవాడు. వివరించాల్సిన పని లేకపోయింది.

"పాయింట్ తర్వాత?"

"సున్నా, సున్నా."

"వాన ఎన్నో వరుసలో ఉంది?"

"చివర."

"ఎందుకుంది చివర?"

"నువ్వు చివర పంపుతావు కాబట్టి."

రేకుల మీద చప్పుడు కాసేపు అలాగే వినిపించింది.

"నా అంకెలు ఆలస్యమని వాననే ఆలస్యం చేశావా?" అన్నాడు.

"ప్రోగ్రాం అలా తీసుకుంది. రాసింది నేనే. అసలు నువ్వెందుకు ఎప్పుడూ అంత ఆలస్యం?"

"అవతలి ఒడ్డు మాపకం ఉందిగా. పడవ దాటితేగానీ రీడింగు రాదు. నది పొంగితే పడవ దాటదు. అది వదిలేసి పంపేయొచ్చు. కానీ బీన్సు సగం ఆ లోయలోంచే వస్తుంది. వదిలేస్తే ఏం ఉపయోగం?"

"తెలుసు."

"ఇప్పుడు ఎంత వచ్చింది?"

"ముప్ఫై ఏడు."

"హద్దులు?"

"ఇరవై అయిదు, నలభై ఎనిమిది."

అతను ఊపిరి వదలడం వినిపించింది. "ఇంకో పద్ధతి ఉందిగా. వరుసతో పనిలేనిది."

"అందులో మొత్తం నూరు రాదు. అయినా అందులో వాన వాటా మొదట పెట్టినప్పుడు ఎంతో అంతే. నీకు తెలుసు."

"తెలుసు. ఊరికే అడిగాను," అన్నాడు. "రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి, కమిటీనే తేల్చుకోమంటే? వరుస అనేది మన ఊహే కదా. ఎవరి ఊహ వాళ్ళది."

"నువ్వు చెప్పు. ధర పెరిగితే ఆ నెలలో వాన పడుతుందా?"

ఆవిడ బీరువా తలుపు వేసింది. అది మళ్ళీ తెరుచుకుంది. లోపల బరువు లేకపోతే ఆ తలుపు నిలవదు.

"మొన్న కొండ కింద రోడ్డు కొట్టుకుపోయింది," అన్నాడు చివరికి. "ఆ మర్నాడే సంతలో ధర రెండింతలు. వచ్చే నెల దాకా ఎవరూ ఆగలేదు. వాన మొదట ఉండాలి."

"ఊఁ."

"రేపు చెబుతావా?"

"చెబుతాను."

"ఇంటాయనకి మళ్ళీ చెప్పుకోవాలి. అద్దె పెంచేస్తాడు."

"పెంచనీ."

"ఫోన్ పెట్టేయకు కాసేపు," అన్నాడు.

పెట్టలేదు. అవతలి గదిలోంచి బుల్లి అన్నానికి పిలిచేదాకా ఆ వాన చప్పుడు గదిలో ఉంది.

మంగళవారం ఆఫీసు తెరవగానే ఆవిడ డైరెక్టరు గదికి వెళ్ళింది. డైరెక్టరు రెండేళ్ళలో రిటైరు కావాల్సిన మనిషి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. మొదటి కాగితంలో సున్నా కింద వేలు పెట్టాడు.

"ఇది నేనూ చూడాల్సింది."

"మీకు వచ్చిన పట్టికలో ఒకటో నెల లేదు సార్."

"అడగాల్సింది." కాగితం పక్కన పెట్టాడు. "తలుపు వెయ్యమ్మా."

ఆవిడ తలుపు వేసి వచ్చి నిలబడింది.

"శుక్రవారం పట్టికతో మీ ఆయన ఇంటికొస్తాడు. ఇవాళ్టి పట్టికతో మీ ఆయన ఆఫీసు నిలబడుతుంది. ఏది పట్టుకెళ్ళినా కమిటీలో ఒకరు అడుగుతారు, ఈ లెక్క వేసిందెవరూ అని."

"అందుకే నా లెక్క తీసుకెళ్ళకండి సార్. దశాంశం గారిని మొదటినుంచీ వెయ్యమనండి. నా ప్రోగ్రాం ఇవ్వద్దు. ఫైలు కూడా ఇవ్వద్దు. అంకెలు విభాగాల నుంచి ఆయనే తెప్పించుకోవాలి."

"ఆయనకి వేరే సంఖ్య వస్తే?"

"ఆయనదే వెళ్ళాలి."

డైరెక్టరు ఆవిడ వంక చూశాడు. "ఆయనకి ఎనిమిది రావాలని ఉందా?"

"ఉంది సార్," అంది. "రాదు."

పదకొండున్నరకి సందేశం వెళ్ళింది.

దశాంశం బుధవారం మధ్యాహ్నానికి పని ముగించాడు. ఆ రెండు రోజులూ ఆవిడతో లెక్క గురించి ఒక్క మాట మాట్లాడలేదు. తెర ఆవిడకి కనిపించకుండా అడ్డంగా ఒక అట్ట నిలబెట్టుకున్నాడు. చివరికి అట్ట తీసి కుర్చీ ఇటు తిప్పాడు.

"నీకొచ్చిన అంకె నాకు తెలియదనుకో."

"మీకు తెలియదుగా."

"తెలియదు. ముప్ఫై ఆరు పాయింట్ తొమ్మిది రెండు."

ఆవిడ తలూపింది.

"వాన మొదట పెట్టి, మిగతా మూడింటినీ అన్ని రకాలుగా తిప్పి చూశాను. వాన కదల్లేదు. వరుస అక్కర్లేని పద్ధతీ చూశాను. మొత్తం నూట ముప్ఫై మూడు. నలుగురు అన్నదమ్ములు పంచుకుంటే ఆస్తే పెరిగింది. దాన్ని నూటికి కుదించినా వానకి ఇరవై ఏడు పాయింట్ ఏడు ఆరు." ఆయన కళ్ళజోడు తీశాడు. "ఎటు తిప్పినా అయిదో వంతు దాటుతోంది. ఒక్క దారిలోనే దాటటం లేదు. వానని చివర పెడితే."

"అవును."

"అలా పెట్టడానికి ఏదైనా కారణం దొరుకుతుందేమోనని ఒక పూటంతా ఆలోచించాను," అన్నాడు దశాంశం. "దొరకలేదమ్మా."

గురువారం సమావేశానికి డైరెక్టరూ దశాంశం వెళ్ళారు. మొదటి పట్టిక ఎందుకు వెనక్కి తీసుకున్నారో డైరెక్టరు చెప్పాడు. అంకెలు అందిన వరుసనే మోడల్ వరుసగా తీసుకోవడం పొరపాటని, పొరపాటు పట్టింది దాన్ని చేసిన అధికారిణే అని, రెండో లెక్క ఆవిడ వెయ్యలేదని చెప్పాడు. ఒక సభ్యుడు, అయితే ధరల పెరుగుదలలో ముప్ఫై ఏడు శాతం వాన వల్లేనా అని అడిగాడు. కాదని దశాంశం చెప్పాడు. పెరుగుదలకీ దీనికీ సంబంధం లేదనీ, ధర ఏడాది ముందు మనం అనుకున్న చోట లేనప్పుడు, ఆ తప్పుల విస్తృతిలో వాన కుదుపుల వాటా అదనీ చెప్పాడు. ముప్ఫై ఆరు పాయింట్ తొమ్మిది రెండు అని సవరించాడు కూడా. ఇంకో సభ్యురాలు, మనం వానని ఆపలేం కదా, తెలుసుకుని ఏం లాభం అని అడిగింది. ఆపలేం, కానీ ఎంత త్వరగా తెలిస్తే అంచనా అంత తక్కువ తప్పుతుందని డైరెక్టరు చెప్పాడు.

క్షేత్ర కార్యాలయాన్ని అయిదేళ్ళు కొనసాగించాలని తీర్మానించారు. మాపకాలు పెంచాలని, అవతలి ఒడ్డు రీడింగు పడవతో పనిలేకుండా రేడియో మీద వచ్చే ఏర్పాటు చెయ్యాలని కూడా రాశారు. అక్కడి అధికారిని మార్చే విషయం చర్చకి రాలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అత్తగారు సోఫా ముందు నిలబడి ఉంది. కోడలి మొహం చూసింది. దుప్పట్లు రెండు చేతుల్లోకి తీసుకుంది.

"లోపల పెట్టేయనా?"

"ఉండనివ్వండత్తయ్యా. రేపు పెడదాం."

"వాడికి చెప్పావా?"

"ఆయనే చెప్పాడు, వాన మొదట ఉండాలని."

అత్తగారికి అర్థం కాలేదు. దుప్పట్లు మళ్ళీ సోఫా మీద పెట్టింది. "ఆ సున్నా నేను చదవకుండా ఉండాల్సింది," అంది. "రెండు అని చదివినా నువ్వు నమ్మేదానివి."

"నమ్మేదాన్ని."

"మరి?"

"తెర మీద సున్నానే ఉంది కదా."

అత్తగారు వంటింట్లోకి వెళ్ళిపోయింది. బుల్లి ఫోన్ తెచ్చి జగ్గుకి ఆనించింది. జారకుండా కింద చెంచా ఒకటి పెట్టింది. మోగగానే తనే నొక్కింది.

"నాన్నా, నువ్వు రావట్లేదట."

"పండక్కో సెలవలకో వస్తానుగా."

"అది మామూలేగా," అంది బుల్లి.

అవతల అతను నవ్వాడు. నవ్వు తొందరగానే ఆగిపోయింది. ఆ రోజు అక్కడ వాన లేదు. గిన్నెల చప్పుడు మాత్రం వినిపించింది. ఆవిడ వడ్డించుకుని ఫోన్‌కి ఎదురుగా కూర్చుంది.

"ఏం తింటున్నావ్?" అని అడిగింది.

"నిన్నటిదే."

"వేడి చేసుకున్నావా?"

"చేసుకున్నాను."

తర్వాతి వారం ఆవిడ భర్త పేరుతో నాలుగో బదిలీ దరఖాస్తు సిబ్బంది విభాగానికి చేరింది. అదే జవాబు వచ్చింది. కిటికీ పక్క టేబుల్ మీద పాత నివేదికలు మళ్ళీ పేర్చారు.

తర్వాతి నెల డీజిల్ అంకెలు ముందు వచ్చాయి. ఆ వెంటనే మారకం వచ్చింది. ధరల సూచీ వచ్చింది. రేడియో ఇంకా పెట్టలేదు. నది పొంగి ఉంది. వాన అంకెలు అన్నిటికంటే చివర వచ్చాయి. ఆవిడ వాటిని మొదటి నిలువు వరుసలో పెట్టింది.